నూలు వ్యాపారి దగ్గర ఉద్దెర గడువు పెంచుకోవడం: పాత బిల్లులే మన సాక్ష్యం

సోలాపూర్‌లో తువ్వాళ్లు, చాదర్లు నేసే మన కార్ఖానాదారులు సంఘం ఆఫీసుకు వచ్చినప్పుడు తరచుగా ఒకే మాట అంటారు: "నూలు సేఠ్ 15 రోజులకే పైసలు అడుగుతాడు, మన సరుకు కొన్నవాడు నెల దాటితే గాని ఇవ్వడు." బళ్లారిలో బట్టల దుకాణమైనా, హోసూరులో కిరాణా అయినా, బరంపురంలో పట్టుచీరల వ్యాపారమైనా ఈ ఇబ్బంది ఇలాగే ఉంటుంది. ఏళ్ల తరబడి ఒకే వ్యాపారి దగ్గర కొంటూ, సక్రమంగా చెల్లిస్తూ వచ్చినవారు ఆ చరిత్రను కాగితం మీద చూపి గడువు ఎలా పెంచుకోవచ్చో ఇక్కడ వివరిస్తున్నాం. అర్థం కావడానికి తువ్వాళ్లు నేసే ఒక చిన్న కార్ఖానా లెక్కను తీసుకుందాం. అంకెలు గుండ్రంగా వేశాం. ఎవరి లెక్క వారు ఇదే పద్ధతిలో వేసుకోవచ్చు.

ముందుగా మనకు ఎన్ని రోజులు కావాలి?

చాలామంది "ఇంకొంచెం టైము ఇవ్వండి" అని అడుగుతారు. ఆ మాటకు వ్యాపారి దగ్గర జవాబు ఉండదు. ఎన్ని రోజులు కావాలో, ఎందుకు కావాలో మనకే ముందు తెలియాలి.

మన కార్ఖానా నెలకు 4 లక్షల రూపాయల నూలు కొంటుంది అనుకుందాం. పన్నుతో కలిపి కిలో 250 రూపాయలు వేసుకుంటే అది 1,600 కిలోలు. నెలలో రెండు విడతలుగా, విడతకు 2 లక్షల బిల్లు. నూలు వచ్చిన రోజు నుంచి రంగు, పడుగు, నేత, కుట్టు, కట్టలు కట్టడం అన్నీ అయ్యి సరుకు బయటికి వెళ్లడానికి 18 రోజులు పడుతుంది. తువ్వాళ్లు కొన్న హోల్‌సేలు వ్యాపారి 30 రోజులకు డబ్బు ఇస్తాడు. అంటే నూలు గేటు లోపలికి వచ్చాక 48వ రోజుకు గాని దాని పైసలు మన చేతికి రావు. నూలు బిల్లు మాత్రం 15వ రోజున కట్టాలి. మధ్యలో 33 రోజులు మన సొంత డబ్బే తిరగాలి.

నెలకు 4 లక్షలంటే రోజుకు సుమారు 13,333 రూపాయల నూలు. 33 రోజులకు దాదాపు 4 లక్షల 40 వేలు ఇరుక్కుని ఉంటుంది. గడువు 15 నుంచి 30 రోజులు అయితే మధ్య దూరం 18 రోజులకు తగ్గుతుంది, ఇరుక్కునే సొమ్ము 2 లక్షల 40 వేలకు దిగుతుంది. అంటే 15 రోజుల గడువు కోసం చేసే ఈ బేరమంతా 2 లక్షల రూపాయల గురించి. ఆ అంకె కాగితం మీద రాసుకుని ఉంచుకోవాలి. వ్యాపారి కూడా తన వైపు నుంచి సరిగ్గా ఈ 2 లక్షల గురించే ఆలోచిస్తాడు.

ఖాతా సరిచూడటం

చరిత్ర చూపేముందు మన పుస్తకమూ ఆయన పుస్తకమూ ఒకటే మాట చెప్పాలి. వ్యాపారి మునీమును అడిగి గత 12 నెలల ఖాతా నకలు తెచ్చుకోండి. మన ఆవర్జాలో ఆయన పేజీ పక్కన పెట్టి, పద్దు పద్దూ టిక్కు పెట్టుకుంటూ రండి. ఒక పూట పని.

తేడాలు సాధారణంగా మూడు చోట్ల వస్తాయి. తడిసిందనో, కౌంటు తేడా ఉందనో తిప్పి పంపిన నూలుకు మనం తగ్గించుకుని ఉంటాం, ఆయన తగ్గించి ఉండడు. చెక్కు ఇచ్చిన తేదీ మనం రాస్తాం, బ్యాంకులో జమ అయిన తేదీ ఆయన రాస్తాడు. నగదుగా ఇచ్చిన చిన్న మొత్తాలకు రసీదు ఉండదు. ఈ మూడూ ముందే తేల్చుకోకపోతే, గడువు మాట మొదలుపెట్టిన రోజే "ముందు మీ పాత 7 వేల సంగతి చెప్పండి" అన్న దగ్గర మాట ఆగిపోతుంది.

నగదు గురించి ఒక మాట. ఒకే రోజు ఒకే వ్యక్తికి 10 వేలకు మించి నగదుగా చెల్లిస్తే ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చును సాధారణంగా ఒప్పుకోరు. అంతకంటే మన పనికి ముఖ్యమైనది, నగదుకు తేదీ సాక్ష్యం ఉండదు. గడువు పెంచుకోవాలనే ఆలోచన ఉన్నవారు కనీసం ఏడాది ముందు నుంచి బ్యాంకు ద్వారానే చెల్లించడం మంచిది. అప్పుడు పాస్‌బుక్కే సాక్షి అవుతుంది.

ఒక్క పేజీ పట్టిక

ఖాతా సరిపోయాక పట్టిక తయారు చేయాలి. ఐదు గడులు చాలు: బిల్లు తేదీ, మొత్తం, కట్టవలసిన తేదీ, డబ్బు జమ అయిన తేదీ, పట్టిన రోజులు. గడువును బిల్లు తేదీ నుంచి లెక్కిస్తారా, సరుకు అందిన తేదీ నుంచా అనేది ముందే తేల్చుకుని పట్టిక పైన రాయాలి. జమ తేదీ అంటే ఆయన ఖాతాలో పడిన తేదీ. మనం చెక్కు రాసిన తేదీ కాదు. మన పట్టికలో నాలుగు వరుసలు ఇలా ఉంటాయి:

| బిల్లు తేదీ | మొత్తం | గడువు తేదీ | జమ తేదీ | రోజులు |
|---|---|---|---|---|
| జూన్ 2 | 2,00,000 | జూన్ 17 | జూన్ 16 | 14 |
| జూన్ 18 | 2,00,000 | జూలై 3 | జూలై 5 | 17 |
| ఆగస్టు 3 | 2,00,000 | ఆగస్టు 18 | ఆగస్టు 30 | 27 |
| ఆగస్టు 19 | 2,00,000 | సెప్టెంబర్ 3 | సెప్టెంబర్ 12 | 24 |

ఏడాదికి 24 బిల్లులు, 48 లక్షల కొనుగోలు. అందులో 17 బిల్లులు గడువులోపే, సరాసరి 14 రోజులకు చెల్లాయి. ఐదు బిల్లులకు 17 రోజులు పట్టింది. రెండింటికి 24, 27 రోజులు పట్టింది. మొత్తం రోజులు కూడి 24తో భాగిస్తే సరాసరి 15న్నర రోజులు. పట్టిక అడుగున ఈ మూడు వాక్యాలు రాస్తే చాలు: ఎంత కొన్నాం, ఎన్ని బిల్లులు గడువులో కట్టాం, సరాసరి ఎన్ని రోజులు.

ఇక్కడ చాలామందికి ఆలస్యమైన ఆ రెండు వరుసలు తీసేయాలనిపిస్తుంది. తీయకూడదు. ఆ తేదీలు ఆయన మునీము దగ్గర కూడా ఉన్నాయి. మనం దాచామని తెలిసిన క్షణంలో మిగతా 22 బిల్లుల విలువ కూడా పోతుంది. ఉంచి, పక్కన కారణం రాయండి: "వానాకాలంలో తువ్వాళ్ల హోల్‌సేలు వ్యాపారి చెల్లింపు ఆగింది, గడువుకు ముందే ఫోనులో తెలియజేశాం, సెప్టెంబర్ తర్వాత ఆలస్యం లేదు." ముందే చెప్పిన ఆలస్యం వేరు, ఫోను ఎత్తకుండా చేసిన ఆలస్యం వేరు. ఆ తేడా వ్యాపారికి బాగా తెలుసు.

ఆ రెండు వరుసల్లో మనకు పనికొచ్చే సంగతి కూడా ఒకటి ఉంది. ఆగస్టు 19 నుంచి 30 దాకా రెండు బిల్లులు ఒకేసారి బాకీ ఉన్నాయి, అంటే 4 లక్షలు. 30 రోజుల గడువు ఇస్తే ఆయన దగ్గర మన బాకీ మామూలుగా ఉండేది కూడా ఆ 4 లక్షలే. అంత బాకీ ఆయన ఇదివరకే చూశారు, పూర్తిగా వసూలూ చేసుకున్నారు. కొత్తగా అడుగుతున్నది ఆయన చూడని ప్రమాదం కాదని చెప్పడానికి ఇది ఆధారం.

వ్యాపారి వైపు లెక్క

ఆయనకు రెండు ప్రశ్నలు ఉంటాయి. ఒకటి, డబ్బు వస్తుందా? దానికి పట్టిక జవాబు చెబుతుంది. రెండు, ఈ 15 రోజుల వడ్డీ ఎవరు భరించాలి? దీనికి పట్టిక జవాబు చెప్పదు, మనమే చెప్పాలి.

ఆయన కూడా మిల్లుకు డబ్బు కట్టాలి. బ్యాంకు నుంచి ఏడాదికి 12 శాతానికి తెచ్చుకుంటున్నాడనుకుంటే 2 లక్షలకు ఏడాదికి 24 వేలు, నెలకు 2 వేలు. 1,600 కిలోల మీద వేస్తే కిలోకు రూపాయి పావలా. గడువు పెంచినవాడు ఈ మొత్తాన్ని ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలని చూస్తాడు. ఇందులో తప్పు పట్టాల్సింది లేదు. అది మనకు తెలిసి జరగాలి, అంతే.

అందుకే ఆయన "సరే, కిలోకు 2 రూపాయలు ఎక్కువ" అంటే వెంటనే తల ఊపకూడదు. నెలకు 3,200 అవుతుంది. 2 లక్షల మీద అది నెలకు 1.6 శాతం, ఏడాదికి 19 శాతం పైనే. కిలోకు 1 రూపాయి దగ్గర తేలితే నెలకు 1,600, అంటే నెలకు 0.8 శాతం. బయట నూటికి 2 రూపాయల వడ్డీకి తెచ్చుకునేవారికి నెలకు 4 వేలు పడుతుంది గనుక రూపాయి పెంపు లాభమే. బ్యాంకులో క్యాష్ క్రెడిట్ ఇప్పటికే ఉండి, దాన్ని పూర్తిగా వాడనివారు మాత్రం ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. తక్కువ వడ్డీకి సొమ్ము అందుబాటులో ఉంటే గడువు పెంచుకోవలసిన పనే ఉండకపోవచ్చు.

ఎప్పుడు, ఎలా అడగాలి?

పాత బిల్లు బాకీ ఉండగా అడగకూడదు. బిల్లు కట్టి, ఖాతా సున్నా అయిన మరుసటి రోజో రెండో రోజో వెళ్లాలి. నూలు ధర పెరుగుతున్న రోజుల్లో వ్యాపారికి నగదుగా కొనేవాళ్లు దొరుకుతారు, అప్పుడు మన మాటకు బరువుండదు. గిరాకీ మందగించి గోదాములో బస్తాలు నిలిచిన రోజులు మంచివి. మార్చి చివరి వారం ఎవరి దగ్గరికీ వెళ్లవద్దు, అందరూ వసూళ్ల మీదే ఉంటారు.

దళారి ద్వారా కొనేవారు ముందుగా దళారికి చెప్పి, వీలైతే ఆయననూ వెంటబెట్టుకుని వెళ్లాలి. ఆయనను దాటి వెళ్తే ఆయనే అడ్డం పడతాడు. కానీ దళారి ఇచ్చిన మాట ఒక్కటే సరిపోదు. గడువు ఇచ్చేది వ్యాపారి, మాట ఆయన నోట రావాలి, కాగితం మీద ఆయన సంతకం ఉండాలి.

కూర్చున్నాక మాట ఇలా నడవవచ్చు. కార్ఖానాదారు పట్టిక ముందు పెట్టి, "సేఠ్‌జీ, ఏడాదిలో మీ దగ్గర 48 లక్షల నూలు తీసుకున్నాను. ఖాతా మీ మునీముతో సరిచూశాను, తేడా లేదు. రెండు బిల్లులు ఆలస్యమయ్యాయి, అవీ ఇందులోనే ఉన్నాయి. 15 రోజుల్ని 30 చేయమని అడగడానికి వచ్చాను" అంటాడు.

"30 అంటే నా 4 లక్షలు మీ దగ్గర ఉంటాయి. రేపు మీ గిరాకీ ఆగితే?"

"అందుకే హద్దు పెట్టండి. బాకీ నాలుగున్నర లక్షలు దాటేలా ఉంటే పాత బిల్లు కట్టాకే కొత్త బస్తాలు పంపండి. మొదట మూడు నెలలు 25 రోజులే ఇవ్వండి. ఒక్క బిల్లు 7 రోజులు దాటి ఆలస్యమైనా మళ్లీ 15కే వెళ్దాం."

ఈ మాటల్లో మూడు సంగతులు ఉన్నాయి: బాకీకి పై హద్దు, పరీక్షగా మూడు నెలలు, తప్పితే వెనక్కి వెళ్లే షరతు. వ్యాపారి భయపడేవి ఈ మూడే గనుక ఆయన అడగకముందే మనమే ముందు పెడితే మాట తేలిగ్గా నడుస్తుంది. వీటికి తోడు మనం ఇవ్వగలిగినది ఇంకొకటి ఉంది: వచ్చే నెల ఏ కౌంటు ఎన్ని కిలోలు కావాలో ముందే రాసివ్వడం. ఆయన మిల్లు దగ్గర సరుకు చెప్పుకోవడానికి అది పనికొస్తుంది. కానీ రాసిచ్చాక మాట తప్పకూడదు. ఖాయంగా తీసుకోగలిగినంతే రాయాలి.

మన ఉదాహరణలో బేరం ఇలా తేలిందనుకుందాం: మూడు నెలలు 25 రోజులు, రేటు పెంపు లేదు. ఆ తర్వాత 30 రోజులు, కిలోకు 1 రూపాయి ఎక్కువ. అడిగింది మొత్తం మొదటి రోజే రాలేదు. అయినా రెండు వైపులా లెక్క స్పష్టంగా ఉంది.

కాగితం మీద పెట్టడం

మాట అయ్యాక అదే వారంలో ఒక చిన్న ఉత్తరం ఇచ్చి, రెండో ప్రతి మీద వ్యాపారి సంతకం, ముద్ర తీసుకోవాలి. ఆయనకు వచ్చిన భాషలోనే, మరాఠీ గాని హిందీ గాని, రాయించండి. సారాంశం ఇంతే:

"మా మధ్య కుదిరిన ప్రకారం ఫలానా తేదీ నుంచి వచ్చే బిల్లులకు బిల్లు తేదీ నుంచి 25 రోజుల్లో బ్యాంకు ద్వారా చెల్లిస్తాము. మూడు నెలలు సక్రమంగా నడిచిన తర్వాత గడువు 30 రోజులు. మొత్తం బాకీ 4,50,000 రూపాయలు దాటదు. ఏ బిల్లయినా 7 రోజులకు మించి ఆలస్యమైతే ఆ తర్వాతి బిల్లులకు గడువు తిరిగి 15 రోజులు. 30 రోజుల గడువుకు రేటు కిలోకు 1 రూపాయి అదనం."

ఇక్కడ చట్టం సంగతి ఒకటి తెలుసుకోవాలి. నూలు అమ్మేది ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ లేదా చిన్న తయారీ సంస్థ అయితే, 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేనప్పుడు 15 రోజుల్లో కట్టాలి. ఒప్పందం ఉన్నా 45 రోజులు మించకూడదు. అందుకే ఉత్తరం కేవలం మర్యాద కోసం కాదు. ఆ గడువు దాటి ఆర్థిక సంవత్సరం చివరికి బాకీ ఉండిపోతే, ఆ కొనుగోలును ఖర్చుగా చూపుకోవడం కట్టిన సంవత్సరానికి వాయిదా పడుతుంది. 2024 ఏప్రిల్ నుంచి ఈ నియమం అమలులో ఉంది. కొని అమ్మే వ్యాపారి విషయంలో ఇది ఇలాగే వర్తించకపోవచ్చు గనుక అమ్మకందారు ఏ కోవలోకి వస్తాడో బిల్లు చూసి మీ ఆడిటరును అడగండి. జీఎస్టీ విషయంలో మాత్రం ఎవరి దగ్గర కొన్నా బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో చెల్లించకపోతే తీసుకున్న పన్ను జమను వడ్డీతో తిప్పి కట్టాలి.

వ్యాపారి హామీగా సంతకం చేసిన ఖాళీ చెక్కు అడిగితే ఇవ్వవద్దు. "ఖాళీగానే ఇచ్చాను" అనే మాట తర్వాత కోర్టులో మనల్ని తేలిగ్గా కాపాడదు. సంతకం చేసి మనమే ఇచ్చిన చెక్కు బాకీ కోసం ఇచ్చినదేనని చట్టం ముందుగా అనుకుంటుంది. ఖాళీ చెక్కు విషయంలోనూ అంతేనని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. తప్పనిసరి అయితే బిల్లు నంబరు, మొత్తం, తేదీ నింపిన చెక్కు ఇచ్చి, దాని వివరాలు ఉత్తరంలో రాయించండి.

గడువు వచ్చాక ఏమి గమనించాలి?

మొదటిది రేటు. ఒప్పుకున్న రూపాయి కాకుండా ఇంకో రూపాయి మెల్లగా చేరుతూ ఉండవచ్చు. నెలకొకసారి అదే రోజు, అదే కౌంటుకు ఇంకో వ్యాపారి దగ్గర రేటు అడిగి రాసుకోండి. తేడా వరుసగా రెండు మూడు నెలలు ఒప్పుకున్నదాని కంటే ఎక్కువ ఉంటే కాగితం చూపి మాట్లాడవచ్చు.

రెండోది సరుకు. ఉద్దెర ఖాతాదారులకు గోదాములో మూల పడిన పాత బస్తాలు పంపడం కొన్ని చోట్ల ఉంది. మగ్గం మీద పోగులు తెగడం హఠాత్తుగా పెరిగితే, రంగు ఒక్కో లాటుకు ఒక్కోలా పడితే బస్తా మీది లాటు నంబరు చూసి రాసిపెట్టుకోండి. బిల్లు కట్టకముందే ఫిర్యాదు చేయాలి. కానీ మంచి బస్తాల డబ్బు ఆపకుండా, తేడా ఉన్న బస్తాల మొత్తం ఒక్కటే ఆపాలి.

మూడోది మన ఇంటి సంగతి. గడువు పెరిగిన మొదటి నెలల్లో చెల్లింపులు వెనక్కి జరిగి చేతిలో డబ్బు కనిపిస్తుంది. అది లాభం కాదు, వ్యాపారి 2 లక్షలు మన దగ్గర ఉన్నాయి, అంతే. ఆ సొమ్ము పెళ్లి ఖర్చుకో, కొత్త మగ్గం బయానాకో పోతే నెల తిరిగేసరికి రెండు బిల్లులు ఒకేసారి ముందు నిలబడతాయి. కార్ఖానా ఖాతాలోనే ఉంచి నూలుకు, కూలికి మాత్రమే తీయండి.

ఒకవేళ వ్యాపారి గడువు ఇవ్వనంటే కారణం అడగండి. "మిల్లు నాకే 15 రోజులు ఇస్తుంది" అంటే ఆయన చేతిలో ఏమీ లేదు, సీజనులో మాత్రం ఐదారు రోజులు అడిగి చూడవచ్చు. "మీ ఆలస్యాల వల్ల" అంటే ఆరు నెలలు సక్రమంగా కట్టి అదే పట్టికతో మళ్లీ వెళ్లాలి. ఈలోగా ఆ పట్టికనూ, వ్యాపారి ముద్ర వేసిన ఖాతా నకలునూ బ్యాంకులో క్యాష్ క్రెడిట్ దరఖాస్తుతో జతచేయవచ్చు. క్రమం తప్పకుండా కొని కట్టిన ఏడాది చరిత్ర అక్కడ కూడా పనికొచ్చే కాగితమే.

పట్టిక వేసుకోవడంలో గాని, ఉత్తరం మరాఠీలో రాయించుకోవడంలో గాని సాయం కావలసిన సభ్యులు బిల్లుల ఫైలు, బ్యాంకు పాస్‌బుక్కు వెంట తెచ్చుకుని సంఘం ఆఫీసుకు రావచ్చు.